నీచ గురువు, రెండు తుంగభద్ర పుష్కరాలు

మన రాయచూరు జిల్లాకు దక్షిణపు హద్దు తుంగభద్ర. గురువు మకరంలో అడుగుపెట్టినప్పుడు ఆ నదికి పుష్కరం వస్తుంది. కానీ మకరం గురువుకు నీచ రాశి. కర్కాటకంలో 5వ భాగ ఆయనకు పరమోచ్చం. సరిగ్గా ఎదురుగా మకరంలో 5వ భాగ పరమనీచం. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహజ్జాతకంలో చెప్పిన లెక్కే ఇది.

మరి ప్రతి పుష్కరంలోనూ గురుబలం ఒకటేనా? కాదు. నీచలో ఉన్న గ్రహం సంగతి తేల్చాలంటే ఆ ఇంటి యజమాని ఎలా ఉన్నాడో చూడాలి. మకరానికి యజమాని శని. 2008 డిసెంబరు పుష్కరంలో శని సింహంలో, శత్రువైన సూర్యుడి ఇంట్లో ఉన్నాడు. సింహం శని సొంత ఇల్లయిన కుంభానికి ఎదుటి రాశి. అలా సొంతింటికి ఎదుటి రాశిలో ఉండడాన్ని పాశ్చాత్యులు వేరే బలహీనతగా లెక్కిస్తారు. మనవాళ్లు శత్రుక్షేత్రమనే అంటారు. 2020 నవంబరు 20న మొదలైన పుష్కరంలో మాత్రం శని మకరంలోనే, స్వక్షేత్రంలో, గురువుతో కలిసి ఉన్నాడు.

మేషలగ్నం తీసుకుని చూద్దాం. గురువు భాగ్యాధిపతి, పదో ఇంట నీచ. 2008లో పుట్టినవారికి శని ఐదో ఇంట ఉంటాడు. అది కేంద్రం కాదు కనుక లగ్నం నుంచి నీచభంగం లేదు. పెద్దల అండ ఉద్యోగంలో అక్కరకు రాదని చెబుతారు. 2020లో పుట్టినవారికి శని పదో ఇంట, కేంద్రంలో ఉంటాడు కనుక నీచభంగం. అదే గురువు ఆలస్యంగా, శ్రమ మీద ఫలిస్తాడు. చంద్రుడి నుంచి కూడా ఇలాగే చూడాలి.

నీచ గురువని వినగానే సంబంధం వదులుకునేవారిని మనం చూస్తూనే ఉన్నాం. ముందు శని ఎక్కడున్నాడో అడగండి.