మా అబ్బాయి రక్తస్రావాల డైరీని నెల పట్టికగా మార్చినప్పుడు

మా అబ్బాయికి తీవ్రమైన హీమోఫీలియా ఏ. బరువు 32 కిలోలు. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున 7 గంటలకు ఫ్యాక్టర్ 8 వేస్తాం. నా ఫోన్‌లోని డైరీ చూస్తే, 'చీలమండ నొప్పి, పార్కులో ఆడాడు, ఫ్యాక్టర్ ఇచ్చాం, పర్వాలేదు' తరహాలో ఉండేది. క్లినిక్‌లో డాక్టర్‌కి దానివల్ల ఏమీ తెలియలేదు. అందుకే నెలాఖరున కూర్చుని పట్టికలో ఎక్కించడం మొదలుపెట్టాను. మార్చి నెల ఇలా వచ్చింది.

| తేదీ | చోటు | కారణం | ముందు డోసు నుంచి గంటలు | వేసిన యూనిట్లు | ఫలితం |
|---|---|---|---|---|---|
| మార్చి 2, ఆది | కుడి చీలమండ | తెలియదు | 50 | 1062 + 1062 | మంచిది |
| మార్చి 11, మంగళ | ఎడమ మోకాలు | సైకిల్ మీంచి పడ్డాడు | 34 | 1062 | చాలా మంచిది |
| మార్చి 16, ఆది | కుడి చీలమండ | తెలియదు | 51 | 943 | చాలా మంచిది |

మార్చి 2న పొద్దున, రాత్రి కలిపి రెండు డోసులు పడ్డాయి. డైరీలో రెండు నమోదులు ఉన్నాయని మొదట రెండు రక్తస్రావాలుగా లెక్కేశాను. అది తప్పు. ఒక వరుస అంటే ఒక రక్తస్రావం, ఒక ఇంజెక్షన్ కాదు. చికిత్స ఆపాక 72 గంటలు దాటి అదే చోట మళ్ళీ మొదలైతేనే కొత్త వరుస.

కారణం గడి దగ్గరే నేను ఎక్కువ తడబడ్డాను. 'పార్కులో ఆడాడు' కారణం కాదు, పిల్లాడు రోజూ ఆడతాడు. పడటం, తగలడం, మెలిక పడటం ఎవరైనా చూస్తేనే దెబ్బ అని రాయాలి, లేకపోతే 'తెలియదు'. మనసొప్పుకోక ఏదో ఒకటి రాస్తే, తనంతట తానే వచ్చిన రక్తస్రావం కనిపించకుండా పోతుంది.

యూనిట్లు పెట్టె మీది గుండ్రటి అంకె నుంచి తీసుకోవద్దు. 1000 అనే సైజు వయల్‌లో అసలు ఎంత ఉందో లేబుల్ మీద ఉంటుంది. లాట్ నంబరుతో సహా దాన్ని ఫొటో తీసి ఉంచుతాను.

ఫలితం గడిలో 'పర్వాలేదు' పనికిరాదు. మొదటి డోసు తర్వాత సుమారు 8 గంటల్లో నొప్పి పూర్తిగా పోయి, 72 గంటల్లో మరో డోసు అక్కర్లేకపోతే 'చాలా మంచిది'. బాగా తగ్గినా పూర్తిగా పోవడానికి రెండో డోసు కావాల్సి వస్తే 'మంచిది'. కొద్దిగానే తగ్గి, మళ్ళీ వేసినా పూర్తిగా పోకపోతే 'ఒక మోస్తరు'. 8 గంటలైనా మార్పు లేకపోతే 'లేదు'. ఎప్పుడూ పనిచేసే డోసుకే ఈ గడి కిందికి జారుతూ ఉంటే నెలాఖరు దాకా ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయాలి. ఇన్హిబిటర్ వచ్చిందేమో రక్తపరీక్షలో చూస్తారు.

ఫిబ్రవరి పట్టికను పైన పెడితే అందులోనూ ఒక ఆదివారం, కారణం తెలియని కుడి చీలమండ. ఆరు నెలల్లో ఒకే కీలులో తనంతట తానే మూడుసార్లు రక్తస్రావమైతే దాన్ని టార్గెట్ జాయింట్ అంటారు. అందుకే ఏ నెలనూ విడిగా దాచొద్దు. డాక్టర్ చూపు నేరుగా గంటల గడి మీదికి వెళ్ళింది: శుక్రవారం డోసు ఆదివారానికి అరిగిపోతోంది. తర్వాతి డోసుకు ముందు రక్తంలో ఫ్యాక్టర్ ఎంత మిగిలిందో పరీక్షించి, వారం రోజుల లెక్క తీసేసి రోజు విడిచి రోజుకు మార్చారు.

తేదీలో నెలను అక్షరాల్లోనే రాయండి. ఇండియా నుంచి మావారు రాసిన 4/3 మార్చి నాలుగో తేదీ అని తేల్చుకోవడానికి నాకు అరగంట పట్టింది.