వరద తగ్గాక పిల్లలు: ఖమ్మం–భద్రాచలం ప్రాంతంలో మానసిక ప్రథమ చికిత్స

భద్రాచలంలో గోదావరి గురించి జనం అడుగుల్లో మాట్లాడుకుంటారు. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగుల పైకి చేరింది. ఇక్కడి పిల్లలు ఈ అంకెలు వింటూనే పెరుగుతారు. ఖమ్మంలో సంగతి వేరు. 2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వానకు మున్నేరు పొంగి, తెల్లారేసరికి నది ఒడ్డు కాలనీల్లో ఇళ్లు మునిగాయి. సర్దుకునే వ్యవధి దాదాపు లేదు. మూడు నెలల తర్వాత, డిసెంబరు 4 ఉదయం 7:27కి, ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఆ ప్రకంపనలు ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లోనూ తెలిశాయి. అప్పుడు ముందస్తు కబురన్నదే లేదు.

పిల్లవాడి మనసు దృష్టితో చూస్తే ఈ మూడూ మూడు రకాల అనుభవాలు. తర్వాతి వారాల్లో మనం వాడికి ఏం చెప్పాలన్నది ఆ తేడా మీదే ఆధారపడుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ ‘చెప్పడం’ గురించే.

ముందు చేయకూడనిది ఒకటుంది. విపత్తు జరిగిన కొద్ది రోజులకే బాధితులను కూర్చోబెట్టి, జరిగినదంతా వివరంగా చెప్పించి, అప్పటి భావాలన్నీ బయటపెట్టించే పద్ధతి 1980ల నుంచి ప్రచారంలోకి వచ్చింది. ఒక్క విడతలో ముగించే ఇలాంటి సమావేశాలు ఆ తర్వాతి మానసిక రుగ్మతను నివారించలేదని, కొందరికి హానే చేశాయని తరువాతి సమీక్షల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరో రెండు సంస్థలతో కలిసి 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని చూడటం, వినడం, సాయంతో కలపడం అనే మూడు పనుల మీద నిలబడింది. అందులో వినడమంటే పిల్లవాడు చెప్పింది వినడమే, చెప్పించడం కాదు. క్యాంపుకు వచ్చినవాళ్లు ‘నీళ్లొచ్చినప్పుడు నీకేమనిపించింది?’ అంటూ పసివాళ్ల ముందు ఫోను పట్టుకుంటే ఆపే బాధ్యత క్యాంపు నడిపేవారిదే.

పని ఎలా సాగుతుందో చూడటానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. మున్నేరు ఒడ్డు కాలనీలో ఏడేళ్ల పాప. రాత్రంతా అమ్మతో డాబా మీద గడిపి, పొద్దున పడవలో బయటపడింది. ఇప్పుడు ఒక స్కూలు గదిలో పెట్టిన క్యాంపులో ఉంది. మూడో రోజుకల్లా అమ్మ కొంగు వదలడం లేదు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. పదిమందిలో పరువు పోతోందని తల్లి కసురుతోంది.

కార్యకర్త ముందు పాపతో కాదు, తల్లితో మాట్లాడాలి. తల్లికి పొడి బట్టలు ఉన్నాయా, ఇంట్లో అందరి జాడ తెలిసిందా, రేషన్ కార్డు నీళ్లపాలైందా? ఇవి తేలకుండా ఇచ్చే సలహా ఆమె చెవికెక్కదు. తల్లి కుదుటపడితే పిల్లకు సగం వైద్యం అయినట్టే. తర్వాత ఒకే ఒక్క విషయం తేటగా చెప్పాలి: ఈ వయసు పిల్లలు భయం తర్వాత కొన్నాళ్లు వెనకటి అలవాట్లకు వెళ్లడం సహజం, చాలామందిలో అది దానంతటదే తగ్గుతుంది, తిడితే మాత్రం పెరుగుతుంది. ఇక చేయాల్సినవి చిన్నవే. రోజూ అదే మూల పడక, రాత్రంతా ఒక దీపం, పడుకునే ముందు బయటికి తీసుకెళ్లడం, ఒకే వేళకు అన్నం. వరద వీడియోలు నడిచే ఫోన్లు పాప కంటపడకుండా చూడాలి. పదేపదే కనిపించే దృశ్యాన్ని చిన్నపిల్లలు మళ్లీ మళ్లీ జరుగుతున్న వరదగా పొరబడతారు.

పాప అడిగే ప్రశ్న ఒకటే: ‘నీళ్లు మళ్లీ వస్తాయా?’ పెద్దలకు నోటికొచ్చే జవాబు ‘రావులే’ అని. నా దృష్టిలో మొదటి వారాల్లో జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే. నాలుగు రోజులకు మళ్లీ వాన పడితే ఆ మాటతో పాటు చెప్పినవాళ్లూ నమ్మకం కోల్పోతారు. దానికి బదులు ఇలా చెప్పవచ్చు: ‘ఇవాళ మున్నేరు తగ్గింది. వానాకాలం కాబట్టి మళ్లీ పెరగొచ్చు. పెరిగితే మేం నీకు చెబుతాం. అప్పుడు నువ్వూ అమ్మా కలిసి ఫలానా బడికి వస్తారు.’ భద్రాచలం పిల్లలకైతే అడుగుల లెక్కే ఆసరా. ఇవాళ ఎన్ని అడుగులు, ఎన్నింటికి మనం కదలాలి అన్నది పలక మీద రాసి చూపిస్తే, ఎటూ తేలని భయానికి ఒక హద్దు దొరుకుతుంది.

పాప అట్టముక్కతో పడవాట ఆడుతుంటే ఆపనక్కర్లేదు. ఎలా ఆడుతోందో గమనించాలి. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో స్కూలు బస్సుతో సహా అపహరణకు గురైన పిల్లలను అధ్యయనం చేసిన మనోవైద్యురాలు లెనోర్ టెర్, ఆనందం లేకుండా అదే ముగింపుతో పదేపదే సాగే ఆటను గుర్తించారు. ఆటలో కొత్త మనుషులు చేరుతూ, ముగింపు మారుతూ ఉంటే పిల్ల తేరుకుంటోందని అనుకోవచ్చు. ప్రతిసారీ పడవ మునిగిపోయి, ఆడేకొద్దీ పాప బిగుసుకుపోతుంటే పక్కన కూర్చుని ‘ఒడ్డున తాడు పట్టుకుని ఎవరున్నారు?’ అని నెమ్మదిగా ఒక దారి చూపవచ్చు.

భూకంపం తర్వాత ఈ మాటలు చాలవు. నదికి హెచ్చరిక ఉంది, భూమికి లేదు కాబట్టి ‘ముందే చెబుతాం’ అనడం అబద్ధమవుతుంది. అక్కడ సమాచారం స్థానంలో ఒక పని ఇవ్వాలి: కంపిస్తే గట్టి బల్ల కిందకు దూరి తల కాపాడుకుని దాని కాలు పట్టుకోవడం, ఆగాక ఆరుబయటికి రావడం. ఒకటి రెండుసార్లు చేయించి చూపితే చాలు. పిల్లవాడు ఇంట్లో పడుకోనంటే భయం పోగొట్టే ముందు గోడలు చూడాలి. వరదకు నానిన మట్టి గోడలో కొత్త పగులు కనిపిస్తే వాడి భయం సరైనదే, నిపుణులు చూసి చెప్పేదాకా బయట పడకే మంచిది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గరే బలమైన భూకంపం వచ్చింది కాబట్టి ‘మన దగ్గర ఇలాంటివి రావు’ అనే ఓదార్పుకూ ఇక్కడ చోటు లేదు.

చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి పల్లెల్లో మరో చిక్కు ఉంది. ఇంట్లో కోయ మాట్లాడే చిన్నపిల్లకు తెలుగు ఓదార్పు సగమే అందుతుంది. ఛత్తీస్‌గఢ్ హింస నుంచి తప్పించుకుని వచ్చిన గొత్తికోయ కుటుంబాల్లో యూనిఫాం చూస్తేనే బెదిరేవాళ్లు ఉండొచ్చు, ఆ యూనిఫాం రక్షించడానికి వచ్చినవాళ్లదే అయినా. అందుకే ఆ భాష వచ్చిన అంగన్‌వాడీ టీచరో ఆశా కార్యకర్తో మొదటి పడవలోనే ఉండాలి. తెలుగు వచ్చిన పెద్దపిల్లను తల్లిదండ్రుల నష్టాలకు దుబాసీని చేయకూడదు. ఆ కబుర్ల బరువు ఆ పిల్ల మీద పడుతుంది.

ఈ చికిత్సకు హద్దులున్నాయి. పిల్లల్లో దీని ఫలితాన్ని కచ్చితంగా కొలిచిన నియంత్రిత అధ్యయనాలు తక్కువ. ప్రస్తుత ఆధారం ఎక్కువగా అనుభవం, నిపుణుల ఏకాభిప్రాయం. ఇది రోగనిర్ధారణ కూడా కాదు. లక్షణాలు నెల దాటి నిలిస్తే తప్ప విపత్తు అనంతర ఒత్తిడి రుగ్మత అనే పేరు పెట్టరు. అయితే కొన్నింటికి నెల ఆగకూడదు. పెద్దలు వెంట లేని పిల్లల కోసం వెంటనే 1098కి ఫోన్ చేయాలి. తిండి, నిద్ర, మాట మానేసిన పిల్లల కోసం, చనిపోవాలని ఉందనే కౌమారుల కోసం టెలీమానస్ 14416 ఉంది, జిల్లా ఆసుపత్రి ఉంది.

మిగతావాళ్లను కనిపెట్టడానికి మన దగ్గరున్న నమ్మదగిన సాధనం బడి హాజరు పట్టీ. క్యాంపు ఎత్తేశాక కార్యకర్తలు వెళ్లిపోతారు, టీచరు ఉంటారు. పట్టీలో ప్రతి పేరు పక్కన పిల్ల ఏ క్యాంపులో ఉందో, ఇల్లు నిలిచిందో లేదో రాసుకోవాలి. నాలుగో వారానికీ బడికి రాని పిల్లలు, వచ్చినా మబ్బు పట్టగానే ఏడుస్తూ ఇంటికి పరుగెత్తే పిల్లలు ఎవరో అందులోంచి తీసి, ఆ చిన్న జాబితాను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇవ్వాలి.