లియొనోవ్ దుస్తులూ నత్రజని బుడగలూ

1965 మార్చి 18న సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియొనోవ్ వోస్ఖోద్-2 నౌక వెలుపలికి వచ్చి, అంతరిక్షంలో తేలిన తొలి మానవుడయ్యాడు. సుమారు పన్నెండు నిమిషాల తరువాత లోనికి రాబోతే దుస్తులు ఉబ్బి బిగిసిపోయాయి. వేళ్లు చేతి తొడుగుల నుండి, పాదాలు బూట్ల నుండి జారిపోయాయి.

దుస్తులలోని పీడనం తగ్గిస్తే అవి మెత్తబడతాయి. చిక్కంతా అక్కడే ఉంది, గమనించండి. నౌకలో ఉన్నది మనం పీల్చే గాలి వంటిదే. ఆ గాలిలోని నత్రజని మన రక్తంలోనూ కొవ్వులోనూ కరిగి ఉంటుంది. పీడనం హఠాత్తుగా పడిపోతే, సోడా సీసా మూత తీసినట్లు, అది బుడగలుగా వెలువడుతుంది. కీళ్లలో దారుణమైన నొప్పి పుడుతుంది. వెన్నుపాము దెబ్బతింటే కాళ్లు చచ్చుబడవచ్చు. దీనినే డికంప్రెషన్ సిక్‌నెస్ అంటాము.

లియొనోవ్ దుస్తులలో పీడనం అప్పటికే భూమిపై ఉన్నదానిలో 0.4 వంతు. భూకేంద్రానికి చెప్పకుండానే ఆయన దానిని సుమారు 0.27కు దించాడు. అది గుడ్డి సాహసం కాదని నా అభిప్రాయం. దాదాపు గంటసేపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చినందున, నత్రజని చాలావరకు ఊపిరితిత్తుల ద్వారా వెళ్లిపోయి ఉంటుందని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు. తలను ముందుంచి లోనికి దూరగలిగాడు.

నేటి అమెరికన్ దుస్తులలోనూ పీడనం సుమారు 0.3 వంతే, అంతకు మించితే వేళ్లు వంచడమే కష్టం. కనుక బయటికి వెళ్లేముందు ఆక్సిజన్ పీల్చడం తప్పనిసరి. కొవ్వు నత్రజనిని నెమ్మదిగా వదులుతుంది కాబట్టి దీనికి గంటలు పడుతుంది. మధ్యలో మాస్కు తీసి మామూలు గాలి పీలిస్తే నత్రజని మళ్లీ చేరుతుంది. అప్పుడు అదనపు సమయం పీల్చవలసిందే.