చవక టైప్-సి కేబుల్‌తో ఛార్జర్, ల్యాప్‌టాప్ పోర్ట్ ఎందుకు పాడవుతాయి? గుట్టంతా ఓ చిన్న రెసిస్టర్‌లోనే!

ఫోన్ కొత్తది, ఛార్జర్ మాత్రం పాతది. చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. అందుకే ఒక చివర వెడల్పాటి పాత యూఎస్‌బీ-ఎ పిన్, రెండో చివర ఫోన్‌కు పెట్టే టైప్-సి పిన్ ఉన్న కేబుల్స్ ఇప్పటికీ బాగా అమ్ముడవుతున్నాయి. పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ఫోన్ కూడా చక్కగా ఛార్జ్ అవుతుంది. కానీ వీటిలో కొన్ని కేబుల్స్ ఫోన్‌కు ఓ అబద్ధం చెబుతాయి. ఆ దెబ్బ తగిలేది ఫోన్‌కు కాదు.. అవతలి చివర ఉన్న ఛార్జర్‌కో, ల్యాప్‌టాప్ పోర్ట్‌కో!

అదెలాగో చూద్దాం.

కరెంట్ ఎంత లాగాలో నిర్ణయించేది ఎవరు?

చాలామంది ఛార్జర్ ఫోన్‌లోకి కరెంట్‌ను తోసేస్తుందని అనుకుంటారు. నిజానికి ఛార్జర్ 5 వోల్టులు సిద్ధంగా ఉంచుతుందంతే. ఎన్ని ఆంపియర్లు లాగాలో ఫోన్ లోపలి ఛార్జింగ్ సర్క్యూట్ నిర్ణయించుకుంటుంది. కాబట్టి లాగే ముందు అవతలి వైపు ఎంత ఇవ్వగలదో ఫోన్‌కు తెలియాలి.

ఇందుకోసమే టైప్-సి పిన్‌లో 'సీసీ' అనే ప్రత్యేకమైన తీగ పెట్టారు. రెండు వైపులా టైప్-సి ఉన్నప్పుడు ఛార్జరే ఈ తీగ ద్వారా తన శక్తి ఎంతో ఫోన్‌కు చెబుతుంది. అయితే పాత యూఎస్‌బీ-ఎ సాకెట్‌లో సీసీ తీగే లేదు. అంటే పాత ఛార్జర్‌కు ఈ భాషలో నోరు లేదు. దాని తరఫున కేబులే మాట్లాడాలి. అందుకోసం టైప్-సి పిన్ లోపల, 5 వోల్టుల తీగకూ సీసీ తీగకూ మధ్య ఓ చిన్న రెసిస్టర్ పెడతారు. ఆవగింజకన్నా చిన్నదిగా ఉండే ఈ రెసిస్టర్ విలువే ఇక్కడ అసలు విషయం.

56 ఉండాల్సిన చోట 10 ఉంటే..

ఫోన్ లోపల సీసీ తీగ మీద 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఉంటుంది. కేబుల్ రెసిస్టర్, ఫోన్ రెసిస్టర్ రెండూ కలిసి 5 వోల్టులను పంచుకుంటాయి. ఫోన్ తన వాటాకు వచ్చిన వోల్టేజ్‌ను కొలిచి, దాన్నిబట్టి అవతలి వైపు బలం ఎంతో అంచనా వేస్తుంది.

యూఎస్‌బీ ప్రమాణం ప్రకారం ఎ-టు-సి కేబుల్‌లో 56 కిలోఓమ్‌ల రెసిస్టర్ మాత్రమే ఉండాలి. అప్పుడు లెక్క ఇలా ఉంటుంది:

5 × 5.1 ÷ (56 + 5.1) = 0.42 వోల్టులు

ఫోన్ 0.66 వోల్టుల కంటే తక్కువ చూస్తే "ఇది మామూలు యూఎస్‌బీ పోర్ట్, జాగ్రత్తగా లాగాలి" అని అర్థం చేసుకుంటుంది. తప్పుడు కేబుల్స్‌లో 56కు బదులు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. అప్పుడు లెక్క మారిపోతుంది:

5 × 5.1 ÷ (10 + 5.1) = 1.69 వోల్టులు

1.23 వోల్టులు దాటితే ఫోన్‌కు అందే సందేశం ఒక్కటే: "అవతల 3 ఆంపియర్లు ఇచ్చే ఛార్జర్ ఉంది, నిశ్చింతగా లాగు". అవతల నిజంగా ఏముందో ఆ కేబుల్‌కు తెలియదు. దాన్ని దేనికి పెట్టినా అదే మాట చెబుతుంది. అందుకే ప్రమాణం అన్నింటికన్నా తక్కువ వాగ్దానం చేసే 56నే తప్పనిసరి చేసింది.

మరి అసలు రెసిస్టరే లేకపోతే? సీసీ తీగలో ఏమీ కనిపించదు కాబట్టి ప్రమాణం ప్రకారం తయారైన ఫోన్ ఛార్జింగే మొదలుపెట్టదు. అది చిరాకే తప్ప ప్రమాదం కాదు. ప్రమాదమంతా తప్పు విలువ ఉన్న కేబుల్‌తోనే. ఎందుకంటే అది పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

ల్యాప్‌టాప్‌కు పెడితే ఏం జరుగుతుంది?

ఓ పాత ల్యాప్‌టాప్ తీసుకుందాం. దాని యూఎస్‌బీ 2.0 పోర్ట్ అర ఆంపియర్ కోసం తయారైంది. అంటే 2.5 వాట్లు. 3 ఆంపియర్లు లాగగలిగే ఫోన్‌ను 10 కిలోఓమ్‌ల కేబుల్‌తో దానికి పెట్టారనుకోండి. ఫోన్ 15 వాట్ల వరకు అడుగుతుంది. పోర్ట్ స్థాయికి ఇది ఆరు రెట్లు. కానీ పిన్‌ల దగ్గర, సన్నటి తీగల్లో పుట్టే వేడి ఆరు రెట్లతో ఆగదు. కరెంట్ ఆరు రెట్లయితే వేడి 36 రెట్లు అవుతుంది.

మంచి ల్యాప్‌టాప్‌లో పోర్ట్ వెనుక కరెంట్‌ను అదుపు చేసే చిప్ ఉంటుంది. అది వెంటనే పోర్ట్‌ను ఆపేస్తుంది. విండోస్‌లో అయితే "Power surge on the USB port" అనే హెచ్చరిక రావచ్చు. ఇది అదృష్టం ఉన్న కేసు. అలాంటి రక్షణ సరిగా లేని బోర్డుల్లో పోర్ట్‌కు కరెంట్ తెచ్చే సన్నటి దారి, ఫ్యూజ్ వేడెక్కుతాయి. చాలా బోర్డుల్లో పక్కపక్క పోర్ట్‌లు ఒకే లైన్ మీద ఉంటాయి. అందుకే ఫోన్ పెట్టగానే పక్కనున్న మౌస్, పెన్‌డ్రైవ్ డిస్‌కనెక్ట్ కావడం కూడా దీనికి సంకేతమే.

ఛార్జర్ విషయంలోనూ ఇదే కథ. ఒక ఆంపియర్ ఇచ్చే పాత ఛార్జర్‌ను మూడు ఆంపియర్లు అడిగితే, రక్షణ ఉన్న ఛార్జర్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. ఫోన్ స్క్రీన్ మీద ఛార్జింగ్ గుర్తు వస్తూ పోతూ ఉంటుంది. రక్షణ లేని చవక ఛార్జర్ మాత్రం తన శక్తికి మించి ఇవ్వడానికి ప్రయత్నించి వేడెక్కుతుంది. చవక కేబుల్, చవక ఛార్జర్ రెండూ కలిస్తేనే అసలు ముప్పు.

అలాగని ప్రతిసారీ ఏదో ఒకటి కాలిపోతుందని కాదు. చాలా ఫోన్లు కరెంట్‌ను కొంచెం కొంచెంగా పెంచుతూ, వోల్టేజ్ పడిపోతే వెనక్కి తగ్గుతాయి. అందుకే అలాంటి కేబుల్స్ నెలల తరబడి ఏ గొడవా లేకుండా పనిచేయొచ్చు. కానీ పోర్ట్ తన హద్దు దగ్గరే రోజూ నలుగుతుంటుంది.

ప్రపంచానికి ఈ విషయం ఎలా తెలిసింది?

2015లో టైప్-సి ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులు. గూగుల్ ఇంజినీర్ బెన్సన్ ల్యూంగ్ అమెజాన్‌లో దొరికే టైప్-సి కేబుల్స్‌ను సొంతంగా కొని, పరీక్షించి రివ్యూలు రాయడం మొదలుపెట్టారు. వాటిలో చాలావాటికి 56 ఉండాల్సిన చోట 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉన్నట్టు తేలింది.

ఇది ఊరూపేరూ లేని బ్రాండ్ల సమస్యే అనుకుంటే పొరపాటే. అదే ఏడాది నవంబర్‌లో వన్‌ప్లస్ సహ వ్యవస్థాపకుడు కార్ల్ పేయ్ తమ టైప్-సి కేబుల్‌లోనూ 10 కిలోఓమ్‌ల రెసిస్టరే ఉందని ఒప్పుకున్నారు. తమ ఫోన్‌కు ఇబ్బంది లేదని, వేరే కంపెనీల పరికరాలతో మాత్రం వాడొద్దని చెప్పి, విడిగా కొన్నవారికి డబ్బు వాపసు ఇస్తామన్నారు. 56, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ల మధ్య ధరలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తప్పు డిజైన్‌లో జరుగుతుంది. కాబట్టి ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన కేబుల్ సరైనదని హామీ లేదు.

2016 ఫిబ్రవరిలో ఓ చవక కేబుల్ పెట్టగానే ల్యూంగ్ క్రోమ్‌బుక్ పిక్సెల్ ల్యాప్‌టాప్ దెబ్బతింది. ఈ కేసును చాలాచోట్ల రెసిస్టర్ ఖాతాలో వేస్తారు. నిజానికి ఆ కేబుల్‌లో రెసిస్టర్ తప్పుగానే ఉన్నా, ల్యాప్‌టాప్‌ను దెబ్బతీసింది అది కాదు. అందులో 5 వోల్టుల తీగ, గ్రౌండ్ తీగ ఒకదాని స్థానంలో మరొకటి కలిపి ఉన్నాయి. తీగలు తారుమారైతే నష్టం క్షణాల్లో జరుగుతుంది. రెసిస్టర్ తప్పయితే నష్టం నెమ్మదిగా, వేడి రూపంలో వస్తుంది. ఆ తర్వాతి నెలలోనే ప్రమాణం పాటించని టైప్-సి కేబుల్స్ అమ్మకాన్ని అమెజాన్ నిషేధించింది.

మీ కేబుల్ సంగతి తెలుసుకోవడం ఎలా?

కళ్లతో చూసి చెప్పలేం. రెసిస్టర్ పిన్ లోపల మూసి ఉంటుంది. నమ్మకమైన పద్ధతి మల్టీమీటర్. మొబైల్ రిపేర్ చేసేవారి దగ్గర టైప్-సి పిన్‌లన్నీ విడివిడిగా బయటకు వచ్చే చిన్న టెస్ట్ బోర్డు ఉంటే పని నిమిషంలో అయిపోతుంది. కేబుల్‌ను ఛార్జర్ నుంచి తీసేసి, టైప్-సి చివరను ఆ బోర్డుకు పెట్టాలి. మీటర్‌ను 200 కిలోఓమ్‌ల రేంజ్‌లో ఉంచి, సీసీ పిన్‌కూ 5 వోల్టుల పిన్‌కూ మధ్య కొలవాలి. ఏమీ చూపించకపోతే పిన్‌ను తిప్పి పెట్టి మళ్లీ చూడాలి. రీడింగ్ 56కు దగ్గరగా ఉంటే కేబుల్ సరైనదే. 10 లేదా 22 చూపిస్తే దాన్ని పక్కన పెట్టేయండి. 22 అంటే 1.5 ఆంపియర్లు ఇస్తానని చెప్పినట్టు. ఎ-టు-సి కేబుల్‌లో అదీ తప్పే.

మీటర్ లేకపోతే లక్షణాలు గమనించండి. పాత ల్యాప్‌టాప్ పోర్ట్‌కు పెట్టినా ఫోన్ ఫాస్ట్ ఛార్జింగ్ అని చూపిస్తోందా? ఛార్జింగ్ వస్తూ పోతూ ఉందా? అదే ఛార్జర్ వేరే కేబుల్‌తో చల్లగా ఉండి, ఈ కేబుల్‌తో మాత్రం కాలుతోందా? వీటిలో ఏది కనిపించినా ఆ కేబుల్‌ను కంప్యూటర్‌కు పెట్టొద్దు.

56 ఉంటే ఫాస్ట్ ఛార్జింగ్ రాదా?

ఈ భయం అక్కర్లేదు. యూఎస్‌బీ-ఎ సాకెట్ ఉన్న ఫాస్ట్ ఛార్జర్లు ఫోన్‌తో మాట్లాడుకునేది సీసీ తీగతో కాదు, డేటా తీగలతో. ఛార్జర్‌కు నిజంగా శక్తి ఉంటే ఆ దారిలో చెబుతుంది, ఫోన్ ఎక్కువ లాగుతుంది. శక్తి లేకపోతే 56 కిలోఓమ్‌ల కేబుల్ ఫోన్‌ను అదుపులో ఉంచుతుంది.

రెండు వైపులా టైప్-సి ఉండే కేబుల్‌లో అయితే ఈ రెసిస్టర్ అవసరమే ఉండదు. అక్కడ ఛార్జర్ తన మాట తానే చెప్పుకుంటుంది. కొత్తగా ఛార్జర్ కొనేటప్పుడు టైప్-సి సాకెట్ ఉన్నది తీసుకుంటే 56, 10 లెక్కతో పనే ఉండదు. పాత ఛార్జర్లు ఇంకా వాడుతున్నవాళ్లు మాత్రం ఎ-టు-సి కేబుల్ కొనేటప్పుడు ప్యాకెట్ మీదో, ఆన్‌లైన్ వివరాల్లోనో 56 కిలోఓమ్‌లు అని ఉందో లేదో చూసి తీసుకోండి.