ఒకే ఫ్రిజ్‌లో రెండు ధరలు: కోలా పోటీ పుట్టుపూర్వోత్తరాలు

2023 మార్చిలో రిలయన్స్ సంస్థ కాంపా కోలాను మళ్లీ జనంలోకి తెచ్చినప్పుడు ముందుగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే దింపింది. 200 మిల్లీలీటర్ల సీసా పది రూపాయలు. అప్పటికే పాతుకుపోయిన కంపెనీల 250 మిల్లీలీటర్ల సీసా ఇరవై. అంటే 100 మిల్లీలీటర్లకు ఒకటి ఐదు రూపాయలు, మరొకటి ఎనిమిది. ఇంత తేడా ఉంటే ఖరీదైనది అమ్ముడుపోకుండా మిగిలిపోవాలి కదా! అలా జరగలేదు. ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు నూట నలభై ఏళ్ల చరిత్ర ఉంది.

కాంపాకు, పాత కంపెనీల కోలాలకు మధ్య పోటీ కొత్తదేమీ కాదు. 1977లో కోకాకోలా భారత్ విడిచి వెళ్లాక ఆ ఖాళీలోకి పార్లే వారి థమ్సప్, ప్యూర్ డ్రింక్స్ వారి కాంపా వచ్చాయి. 1993లో తిరిగొచ్చిన కోకాకోలా థమ్సప్‌ను కొనేసింది. కాంపా క్రమంగా కనుమరుగైంది. 2022లో దాన్ని రిలయన్స్ కొన్నది.

ధరల పోటీ సిద్ధాంతానికి మూలం ఫ్రాన్స్‌లో ఉంది. కంపెనీలు సరుకు ఎంత తయారుచెయ్యాలన్న దానిమీద పోటీ పడతాయని 1838లో కూర్నో రాశాడు. 1883లో బెర్ట్రాండ్ దాన్ని విమర్శించాడు. పోటీ ధర మీదేనన్నాడు. సరుకు అచ్చంగా ఒకటే అయితే పైసా తగ్గించినవాడికే బేరమంతా పోతుంది, తగ్గించుకుంటూ పోతే ఇద్దరూ ఖర్చు దగ్గరే ఆగాలి. లాభం సున్నా. కానీ ఏ ఊళ్లోనూ వ్యాపారం అలా సాగడం లేదే! 1929లో హోటెలింగ్ జవాబు చెప్పాడు: దుకాణం దూరంలోనో, పానీయం తీపిలోనో తేడా ఉంటే, ధర కాస్త ఎక్కువైనా కొనేవాళ్లు కొందరు మిగులుతారు.

బాపట్ల జిల్లా రామాపురం బీచ్ దగ్గర కొట్లలో చూస్తే ఇది అర్థమవుతుంది. కొందరు థమ్సప్పే కావాలంటారు, అది లేదంటే మంచినీళ్ల సీసా పట్టుకెళతారు. మరికొందరు నలుగురు పిల్లలకు నాలుగు సీసాలు ఎంతవుతుందని ముందే అడుగుతారు. మొదటి రకం వాళ్లవల్ల పాత బ్రాండు ధర నిలుస్తుంది. రెండో రకం వాళ్లవల్ల అది మరీ పెరగదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. అంకెలు ఊహించుకున్నవి, పద్ధతి అసలైనది. సీసా ఒకే కొలత, సీసాకు ఖర్చు పాత బ్రాండుకూ కొత్త బ్రాండుకూ ఆరు రూపాయలే అనుకుందాం. రోజుకి అమ్మకాలు ఇలా ఉంటాయి:

```
పాత అమ్మకం = 150 − 10 × పాత ధర + 5 × కొత్త ధర
కొత్త అమ్మకం = 75 − 10 × కొత్త ధర + 5 × పాత ధర
```

అమ్మకాన్ని సీసాకు మిగిలే డబ్బుతో గుణిస్తే లాభం. ఎదుటివాడి ధర మారదనుకుని, ఆ లాభాన్ని గరిష్ఠం చేసే ధర కనిపెడితే అదే ఉత్తమ ప్రతిస్పందన:

```
పాత ధర = 10.50 + 0.25 × కొత్త ధర
కొత్త ధర = 6.75 + 0.25 × పాత ధర
```

ఎదుటివాడు రూపాయి తగ్గిస్తే తాను పావలా తగ్గించాలి, రూపాయి కాదు. తగ్గింపు పోరు ఖర్చు దాకా దిగజారకపోవడానికి కారణం ఇదే. పాతవాడు 20 దగ్గర ఉంటే కొత్తవాడు 11.75 పెడతాడు. దానికి పాతవాడు 13.44కు దిగుతాడు. కొత్తవాడు 10.11, పాతవాడు 13.03. చివరికి 13, 10 దగ్గర కుదురుకుంటాయి. అమ్మకాలు 70, 40. లాభాలు 490, 160.

ఇది సరైనదేనా అని పరీక్షించడం సులువు. కొత్తవాడు 10 దగ్గరే ఉండగా పాతవాడు 12 పెట్టినా, 14 పెట్టినా లాభం 480కి తగ్గుతుంది. ఒంటరిగా కదిలినవాడే నష్టపోయే ఇలాంటి స్థితి ఉంటుందని 1950లో నాష్ సాధారణ సూత్రంగా నిరూపించాడు. అందుకే దానికి నాష్ సమతౌల్యమని పేరు.

ఇద్దరూ కూడబలుక్కుని 14, 11 పెడితే లాభాలు 520, 175 అవుతాయి. కానీ అప్పుడు పాతవాడు 13.25కు దిగితే అతనికి ఇంకా ఎక్కువ మిగులుతుంది. కాబట్టి ఆ ఒప్పందం నిలవదు. పైగా 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం అది నేరుగా చట్టవిరుద్ధం.

అసలు బజారులో పదమూడు రూపాయల సీసా కనబడదు. చిల్లర ఇబ్బంది వల్ల ధరలు ఎక్కువగా ఐదు, పది, ఇరవై లాంటి అంకెల దగ్గరే ఆగుతాయి. అందుకే కంపెనీలు ధర ముట్టుకోకుండా సీసా కొలత మారుస్తాయి. కాబట్టి పోటీ నిజంగా ధర తగ్గించిందో లేదో తెలియాలంటే సీసా మీది ఎమ్మార్పీ ఒక్కటే చూస్తే చాలదు. దాన్ని మిల్లీలీటర్లతో భాగించి చూడండి.