పెద్ద మొత్తం పంపుతుంటే ‘లిమిట్’ అడ్డొస్తోందా? ఏ పరిమితిని పెంచుకోవచ్చు, ఎలా?

గుంటూరులో ఒక కుటుంబం ఊరి చివర చిన్న ప్లాటు కొనుక్కుంది. ధర 9 లక్షల 40 వేలు. బయానాగా 2 లక్షలు చెక్కు ఇచ్చారు. మిగిలిన 7 లక్షల 40 వేలు రిజిస్ట్రేషన్ రోజున ఇవ్వాలన్నది మాట. శుక్రవారం మధ్యాహ్నం 12 గంటలకు స్లాటు దొరికింది. రియాద్‌లో ఉన్న పెద్దబ్బాయి పంపిన డబ్బు, ఇంట్లో దాచుకున్నది కలిపి మొత్తం తండ్రి అకౌంటులోనే ఉంది. ‘ఫోన్ ఉందిగా, క్షణంలో వెళ్ళిపోతుంది’ అనుకున్నారు. గురువారం రాత్రి తొమ్మిదిన్నరకు పంపడం మొదలుపెట్టారు. అప్పుడు తెలిసింది, అకౌంటులో డబ్బు ఉండటం వేరు, దాన్ని పంపగలగడం వేరు అని.

మొదట ఫోన్‌పేలో 7,40,000 కొట్టారు, యాప్ ఒప్పుకోలేదు. లక్ష కొడితే వెళ్ళింది. రెండో లక్ష ఆగిపోయింది. ‘ఈ యాప్ లిమిట్ అయిపోయింది, గూగుల్ పేలో పంపుదాం అబ్బా’ అన్నాడు చిన్నబ్బాయి. అక్కడా ఆగింది. చాలామంది పొరపడేది ఇక్కడే. ఒక మనిషి నుంచి మరో మనిషికి యూపీఐలో రోజుకు లక్ష రూపాయలన్నది మామూలు గరిష్ఠ పరిమితి. ఆ లెక్కను మీ అకౌంటు ఉన్న బ్యాంకు చూస్తుంది. యాప్ మార్చినా అకౌంటు అదే కాబట్టి లెక్కా అదే. కొన్ని బ్యాంకులు లక్ష కంటే తక్కువే పెట్టుకుంటాయి. విఫలమైనప్పుడు తెర మీద Z8 అని వస్తే ఒక్కసారికి పంపే మొత్తం బ్యాంకు పరిమితి దాటిందని అర్థం. Z7 వస్తే ఎన్నిసార్లు పంపవచ్చన్న లెక్క దాటింది. ఈ రెండింటికీ మళ్ళీ మళ్ళీ నొక్కడం మందు కాదు.

ఈ లక్ష పరిమితిని బ్యాంకు మేనేజరును ఎంత బతిమాలినా పెంచలేరు. అది దేశమంతటా యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పెట్టిన నియమం. ఆసుపత్రి బిల్లు, కాలేజీ ఫీజు, ఇన్‌కమ్ టాక్స్ లాంటి కొన్ని చెల్లింపులకు మాత్రం 5 లక్షల వరకు వీలుంది. అదైనా డబ్బు తీసుకునేవారు ఆ కోవలో నమోదైన సంస్థ అయి ఉండాలి, మీ బ్యాంకూ ఒప్పుకోవాలి. ఆసుపత్రి యజమాని సొంత నంబరుకు పంపితే అది మామూలు చెల్లింపే, లక్ష దగ్గరే ఆగుతుంది. ప్లాటు అమ్మేవారికి పంపే డబ్బుకు ఈ మినహాయింపు లేదు.

ఇక నెట్‌బ్యాంకింగు మిగిలింది. అమ్మేవారి అకౌంటును కొత్త లబ్ధిదారుగా, అంటే బెనిఫిషియరీగా చేర్చారు. ఓటీపీ వచ్చింది, చేరింది. కానీ మొదటి 24 గంటల్లో ఆ అకౌంటుకు 50 వేలకు మించి పంపకూడదని సందేశం వచ్చింది. ఈ గడువును కూలింగ్ పీరియడ్ అంటారు. ఎంత సేపు, ఎంత మొత్తం అన్నది బ్యాంకును బట్టి మారుతుంది. ఎవరైనా మోసగాడు మీ ఓటీపీ లాగి తన అకౌంటును చేర్చుకున్నా, మొత్తం ఊడ్చుకుపోయే లోపు మీకు సందేశం చూసి ఫోన్ చేసే వ్యవధి ఉండాలనే దీన్ని పెట్టారు. అందుకే దీన్ని ఎవరూ తగ్గించరు. కొత్త ఫోన్‌లో యూపీఐ మొదలుపెట్టినా, సిమ్ మార్చినా ఇలాంటి ఆటంకమే ఉంటుంది. కొత్తగా యూపీఐలో చేరినవారికి మొదటి 24 గంటలు 5 వేల వరకే వెళుతుంది. రిజిస్ట్రేషనో పెళ్ళో ఉన్న వారంలో ఫోన్ మార్చకపోవడం మంచిది.

ఆ 50 వేలు పంపేశారు. తర్వాత మరో గడప ఎదురైంది. ఆ అకౌంటుకు నెట్‌బ్యాంకింగు రోజు పరిమితి 2 లక్షలే. అకౌంటు తెరిచిన రోజున బ్యాంకు పెట్టిన అంకె అది, ఇన్నేళ్ళుగా ఎవరూ చూడలేదు. నిజంగా మనం పెంచుకోగలిగినది ఈ ఒక్కదాన్నే. బ్యాంకు వెబ్‌సైటులోనో యాప్‌లోనో సెట్టింగ్స్ లేదా ప్రొఫైల్ కింద లిమిట్ మార్చే చోటు ఉంటుంది. కొత్త అంకె వేసి ఓటీపీతోనూ, కొన్ని బ్యాంకుల్లో డెబిట్ కార్డు వివరాలతోనో ప్రొఫైల్ పాస్‌వర్డుతోనో ఖాయం చేయాలి. బ్యాంకు ఆన్‌లైన్‌లో అనుమతించే గరిష్ఠం వరకు ఇలా వెళ్ళవచ్చు. అంతకు మించి కావాలంటే బ్రాంచికి వెళ్ళి రాతపూర్వకంగా అడగాలి. ఎంత, ఎన్ని రోజులకు, దేనికి అని రాసి గుర్తింపు కార్డు జత చేయాలి. అమ్మకపు ఒప్పందం కాపీ చూపిస్తే అవతలి అధికారికి కూడా పని సులువు. అయితే పెంచిన పరిమితి వెంటనే పని చేయకపోవచ్చు, చాలా బ్యాంకుల్లో దీనికీ ఒక రోజు ఆగాలి. గురువారం రాత్రి పెంచితే శుక్రవారం రాత్రికి గానీ అక్కరకు రాదన్నమాట. పని అయ్యాక మళ్ళీ తగ్గించుకోవడం మరవకండి. తగ్గించిన అంకె సాధారణంగా వెంటనే అమలవుతుంది.

ఆ రాత్రి ఇంట్లో రెండు సలహాలు వచ్చాయి. మిగిలిన 5 లక్షల 90 వేలను మూడు ముక్కలు చేసి బావగారి, మామూ, తమ్ముడి అకౌంట్ల నుంచి పంపిద్దామన్నది ఒకటి. చూడటానికి బాగానే ఉంది. కానీ అమ్మేవారి పేరు మీద వాళ్ళ ముగ్గురికీ కూలింగ్ పీరియడ్ పడుతుంది. సేల్ డీడ్‌లో ఎవరి అకౌంటు నుంచి ఎంత వచ్చిందో రాయాలి, కొన్నది ఒకరు, చెల్లించింది నలుగురు అవుతారు. రేపు టాక్సు వాళ్ళు అడిగితే ఆ నలుగురూ జవాబు చెప్పుకోవాలి. రెండోది, నగదు ఇచ్చేద్దామన్నది. స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు, అదీ అమ్మినవారికి. తెలిసిన అమ్మకందారు ఎవరూ దానికి ఒప్పుకోరు.

తెల్లారి పది గంటలకు తండ్రి చెక్‌బుక్కు, ఆధార్, పాన్ తీసుకుని తన అకౌంటు ఉన్న బ్రాంచికి వెళ్ళారు. ఫోన్‌లో ఉన్న పరిమితులేవీ బ్రాంచి కౌంటరుకు వర్తించవు. అక్కడ మీరు స్వయంగా నిలబడి సంతకం పెడుతున్నారు కాబట్టి. ఆర్టీజీఎస్ అంటే పెద్ద మొత్తాలకు రిజర్వ్ బ్యాంకు నడిపే దారి. దీనికి కనీసం 2 లక్షలు ఉండాలి, పై హద్దు రిజర్వ్ బ్యాంకు పెట్టలేదు. 2020 డిసెంబరు నుంచి ఇది రోజంతా, సెలవు రోజుల్లో కూడా నడుస్తోంది. కానీ బ్రాంచి తలుపులు మాత్రం రెండో, నాలుగో శనివారాలూ ఆదివారాలూ మూసే ఉంటాయి. ఇక ఐఎంపీఎస్ సంగతి. దాని హద్దు 5 లక్షలు, కాబట్టి 5,90,000కు అది చాలదు.

ఫారంలో అమ్మేవారి పేరు, అకౌంటు నంబరు రెండుసార్లు, 11 అక్షరాల ఐఎఫ్ఎస్‌సీ కోడు రాయాలి. ఆ కోడులో ఐదోది ఎప్పుడూ సున్నాయే, ఓ అనే ఇంగ్లీషు అక్షరం కాదు. 5,90,000కు చెక్కు జతచేయాలి, చెక్కు మీద ‘యువర్‌సెల్ఫ్’ అని, పక్కన ఆర్టీజీఎస్ అని రాస్తారు. ఎలా రాయాలో కౌంటరులో అడిగి రాస్తే ఒక చెక్కు మిగులుతుంది. డబ్బు జమయ్యేది అకౌంటు నంబరును బట్టే, పేరును బట్టి కాదు. ఒక్క అంకె తప్పితే వేరే వారికి పోతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లలో పంపే ముందు అవతలి అకౌంటుదారు పేరు తెర మీద చూసే సౌకర్యం వచ్చింది, బ్రాంచిలోనూ అడగవచ్చు. 5 లక్షలు దాటితే బ్రాంచి రుసుము గరిష్ఠంగా 49 రూపాయల 50 పైసలు, పైన జీఎస్‌టీ.

పదిన్నరకు ఫారం ఇచ్చారు, పదీ యాభైకి రసీదు మీద యూటీఆర్ నంబరు రాసిచ్చారు. ఆర్టీజీఎస్‌కు అది 22 అక్షరాలు ఉంటుంది. అందిన అరగంటలో అవతలి బ్యాంకు జమ చేయాలి, చేయలేకపోతే గంటలో వెనక్కి పంపాలి. పదకొండుంపావుకు అమ్మేవారి ఫోన్‌కు సందేశం వచ్చింది. అయితే ముందుగా టైపు చేయించిన దస్తావేజులో ‘7,40,000 ఒకే చెల్లింపు’ అని ఉంది. లక్ష యూపీఐ, 50 వేలు నెట్‌బ్యాంకింగు, 5,90,000 ఆర్టీజీఎస్ అని మూడింటినీ తేదీలతో, నంబర్లతో తిరిగి రాయించాల్సి వచ్చింది. ఆ పరుగుతో స్లాటుకు పది నిమిషాల ముందు ఆఫీసు చేరారు.

వారం ముందే లబ్ధిదారును చేర్చి, ఒక వంద రూపాయలు పంపి పేరు సరిచూసుకుని, పరిమితి పెంచుకుని ఉంటే ఈ పరుగు లేదు. అంత ముందు వీలుకాకపోతే నేరుగా బ్రాంచి ఆర్టీజీఎస్సే ఎంచుకోవాలి, రాత్రి ఫోన్‌తో కుస్తీ పట్టనక్కర్లేదు.

కొన్ని ఇళ్ళల్లో తాళం వేరేచోట ఉంటుంది. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాల్లో ఏడాదికి లక్ష కంటే ఎక్కువ జమ కాకూడదు, నిల్వ 50 వేలు దాటకూడదు, నెలకు 10 వేలకు మించి తీయడం, పంపడం కుదరదు. అలాంటి ఖాతాకు గల్ఫ్ నుంచి డబ్బు పంపించాక ఇరుక్కుంటారు. ఇక్కడ పెంచాల్సింది లిమిట్ కాదు. ఆధార్, పాన్‌తో బ్రాంచికి వెళ్ళి పూర్తి కేవైసీ చేయించి దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్పించాలి. పెళ్ళి ఖర్చుల కోసం అమ్మీజాన్ పాత ఖాతాను వాడుకుందామనుకునేవారు ముందు పాస్‌బుక్ తీసుకెళ్ళి ఇది ఏ రకం ఖాతా అని అడగండి.

ఇంకొకటి. లిమిట్ అడ్డొచ్చిన కంగారులో గూగుల్‌లో ‘కస్టమర్ కేర్’ అని వెతికి దొరికిన నంబరుకు ఫోన్ చేసేవారు ఎక్కువ. అవతల మర్యాదగా మాట్లాడే మనిషి లిమిట్ పెంచుతానని ఒక లింకు, ఒక యాప్ ఫైలు, లేదా ఒక యూపీఐ రిక్వెస్టు పంపుతాడు. ఎవరో పంపిన రిక్వెస్టుకు యూపీఐ పిన్ కొడితే లిమిట్ పెరగదు, డబ్బు పోతుంది. తెర షేర్ చేయించే యాప్ వేయమన్నా అంతే. నంబరు కావాలంటే డెబిట్ కార్డు వెనక ఉన్నదాన్నే చూడండి. ఇప్పటికే పిన్ కొట్టేసి ఉంటే ముందు 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకు. ఆ తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు రాయండి.