ఆ ‘బుస్’ చప్పుడు ఎందుకు నమ్మకూడదు?

మింగలేని మనిషికి అన్నం పెట్టడమెలా? 1790లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్‌కు ఎదురైన ప్రశ్న ఇది. పక్షవాతంతో ఒక రోగి గొంతు కండరాలు పడిపోయాయి. హంటర్ తిమింగలం నోటిలోని బలీన్ పలకతో చేసిన సన్నని కడ్డీకి ఈల్ చేప చర్మం తొడిగించి గొట్టంలా తయారుచేయించాడు. దాని పై కొసకు ఒక తిత్తి కట్టించాడు. నోటి గుండా దాన్ని కడుపులోకి దించి, నీళ్లలో గిలకొట్టిన గుడ్లు, పాలు, చక్కెర పంపించాడు. రోగి కోలుకున్నాడు.

ఇప్పుడు మన ఆసుపత్రుల్లో నర్సులు ‘రైల్స్ ట్యూబ్’ అనే గొట్టానికి ఆ పేరు బ్రిటిష్ వైద్యుడు జాన్ ఆల్‌ఫ్రెడ్ రైల్ నుంచి వచ్చింది. ఆయన దాన్ని అన్నం పెట్టడానికి తేలేదు. కడుపులో ఊరే రసాన్ని పరీక్షకు తీయడానికి వాడాడు. చిత్రమేమిటంటే, గొట్టం సరైన చోట ఉందో లేదో తెలుసుకోవడానికి నేటికీ నమ్మదగింది ఆ రసమే. మధ్యలో చాలాకాలం లోకం ఇంకో దారి పట్టింది.

ఆ దారి పేరు ‘బుస్ పరీక్ష’ అనుకోవచ్చు. సిరంజితో గొట్టంలోకి గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి వింటారు. బుస్సుమంటే గొట్టం కడుపులో ఉన్నట్టే! వినడానికి బాగానే ఉంది. కానీ గొట్టం ఊపిరితిత్తిలో ఉన్నా, అన్ననాళంలోనే ఆగినా ఆ చప్పుడు పొట్ట దాకా పాకుతుంది. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు నార్మా మెథెనీ బృందం 1990లో ఈ పద్ధతిని పరీక్షించి, చప్పుడును బట్టి గొట్టం ఎక్కడుందో చెప్పలేమని తేల్చింది. 2005లో బ్రిటన్ రోగుల భద్రతా సంస్థ ఈ పరీక్ష మానేయమని ఆసుపత్రులకు హెచ్చరిక పంపింది. నీలి లిట్మస్ కాగితాన్నీ వద్దంది. అది ఎర్రబడినంత మాత్రాన ఆమ్లం ఎంత ఉందో తెలియదు, శ్వాసనాళపు ద్రవానికీ ఎర్రబడొచ్చు. గొట్టం కొసను నీళ్లలో ముంచి బుడగలు చూడటమూ అంతే.

మరి ఏం చేయాలి? 65 ఏళ్ల పక్షవాత రోగి ఒకరు ఉన్నారనుకుందాం. ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది కొస దాకా గొట్టంతో కొలిస్తే 56 సెంటీమీటర్లు వచ్చింది. అంతవరకు దించి, ముక్కు దగ్గరి గుర్తు రాసుకుని, ప్లాస్టర్ వేశారు. ఇప్పుడు సిరంజితో కాస్త రసం లాగి, పీహెచ్ కాగితం మీద వేయాలి. 5.5 లేదా అంతకన్నా తక్కువైతే పాలు పోయవచ్చు. ఆరు వస్తే ఆగాలి, ఎక్స్‌రే తీయించాలి. రసమే రాకపోతే రోగిని ఎడమవైపు తిప్పి, కొద్దిగా గాలి పంపి, పావుగంటో అరగంటో ఆగి మళ్లీ లాగాలి.

ఇక్కడ ఒక కిటుకుంది. కడుపులో ఆమ్లం తగ్గించే మందులు వాడేవారిలో గొట్టం కడుపులోనే ఉన్నా పీహెచ్ పెరుగుతుంది. ఇప్పుడే పాలు పోసినా అంతే. అందుకే కొత్తగా పోయడానికి ముందు గంటసేపు ఆగి పరీక్షిస్తారు.

నీళ్ల విషయంలోనూ ఒక ప్రమాదం దాగి ఉంది. కొన్ని గొట్టాల లోపల తీగ సులువుగా బయటికి రావడానికి జారుడు పూత ఉంటుంది. చోటు నిర్ధారించకముందే నీళ్లు పోస్తే ఆ పూత కలిసిన నీరు వెనక్కి వచ్చి ఆమ్లంలా కనిపించవచ్చు. గొట్టం ఊపిరితిత్తిలో ఉన్నా కాగితం ‘సరే’ అంటుంది. బ్రిటన్‌లో 2012లో దీని మీదే ప్రత్యేక హెచ్చరిక వచ్చింది. కాబట్టి ముందు పరీక్ష, ఆ తర్వాతే నీళ్లు.

నిర్ధారణ అయ్యాక మాత్రం నీళ్లలో పిసినారితనం పనికిరాదు. పెద్దవారికి పాలకు ముందు, తర్వాత సుమారు 30 మి.లీ. పోస్తారు, నీటిపై ఆంక్షలున్న రోగులకు మాత్రం డాక్టరు చెప్పినంతే. ఎందుకంటే పాలలోని ప్రొటీన్ కడుపు ఆమ్లం తగిలి గొట్టంలోనే విరిగి గడ్డకడుతుంది. మందులనూ ఒక్కొక్కటిగా, మధ్యలో నీళ్లతో పంపాలి. గొట్టం మూసుకుంటే గోరువెచ్చని నీళ్లతో పెద్ద సిరంజిని మెల్లగా నెడుతూ లాగుతూ చూడాలి. చిన్న సిరంజి ఒత్తిడికి గొట్టం పగలొచ్చు.

మన రోగి దగ్గరికే వద్దాం. సాయంత్రం ఆయన వాంతి చేసుకున్నాడు. ముక్కు దగ్గర 56 ఉండాల్సిన గుర్తు 50 చూపిస్తోంది. అంటే గొట్టం ఆరు సెంటీమీటర్లు పైకి జారింది. పొద్దున చేసిన పరీక్ష ఇక చెల్లదు. గొట్టాన్ని మళ్లీ లోపలికి నెట్టి పాలు పోసేయడం కన్నా పెద్ద పొరపాటు లేదు. స్పృహ సరిగా లేని రోగికి ఊపిరితిత్తిలోకి పాలు పోతున్నా దగ్గు రాకపోవచ్చు. ఆయాసం, ఆక్సిజన్ పడిపోవడం చూసి గుర్తుపట్టేసరికే ఆలస్యం కావచ్చు. పోసేటప్పుడూ, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా మంచం తల భాగం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం కూడా అందుకే.

గాలి కొట్టి వినే అలవాటు చాలా వార్డుల్లో ఇంకా పోలేదు. సీనియర్లు నేర్పారు కదా అని దాన్ని కొనసాగించే విద్యార్థినులు, విద్యార్థులు తమ ట్రేలో స్టెతస్కోపు పక్కన పీహెచ్ కాగితం ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. లేకపోతే ఇన్‌ఛార్జి సిస్టర్‌ను అడిగి తెప్పించుకోవాలి.